మాటల్లేని బాబాయి నుంచి పరామర్శ: ఏమని రాయాలి?

ప్రశ్న: మా నాన్నగారు రెండు నెలల కిందట పోయారు. ఆయనకు ఒక్కడే తమ్ముడు, మా బాబాయి. ఊళ్లో ఇంటిస్థలం, ఎకరం ముప్ఫై సెంట్ల మాగాణి దగ్గర తేడాలొచ్చి 2014లో బాబాయి నాన్న మీద భాగపంపిణీ దావా వేశారు. అది ఇంకా నడుస్తోంది. అప్పటినుంచి రెండు ఇళ్లకూ మాటల్లేవు, మంచికీ చెడ్డకూ రాకపోకల్లేవు. నాన్న పోయిన రోజు అందరికీ ఫోన్లు చేశాం గానీ బాబాయికి చెయ్యలేదు. నాలుగో రోజున ఆయన నాకు వాట్సాప్‌లో ఇలా రాశారు: "అమ్మడూ, అన్నయ్య పోయాడని ఊళ్లోవాళ్లు చెబితే తెలిసింది. ఆఖరిచూపు కూడా దక్కలేదు. వదినను జాగ్రత్తగా చూసుకోండి." చిన్నప్పుడు నన్ను అమ్మడూ అనే పిలిచేవారు. జవాబివ్వొద్దు, అదంతా కేసు కోసమే అంటాడు మా తమ్ముడు. అమ్మ ఏమీ అనదు. నేను పదిసార్లు రాసి చెరిపేశాను. ఇంత ఆలస్యమయ్యాక రాయవచ్చా? రాస్తే ఏమని రాయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాయండి. ఈ వారంలోనే రాయండి. ఆలస్యమైందన్న బెంగ మాత్రం పెట్టుకోకండి. మన ఇళ్లలో చావు పెద్దకర్మతో ముగిసిపోయేది కాదు. నెలనెలా మాసికాలు ఉంటాయి, సంవత్సరీకం జరిగేదాకా ఏటిసూతకం ఉంటుంది, ఆ ఏడాది సంక్రాంతికి ఆ ఇంట్లో అరిసెల పాకం పట్టరు. దూరాన ఉన్న బంధువు ఆరో నెలలో వచ్చి గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నా, ఇప్పుడా రావడం అని ఎవరూ అనరు, అప్పటికప్పుడు కూర్చోబెట్టి జరిగింది మళ్లీ మొదటినుంచి చెబుతారు. పరామర్శకు ఏడాది గడువు ఇచ్చిన ఆచారం, దానికి ఇచ్చే జవాబుకు రెండు నెలలు ఎక్కువని అనదు. అయితే మీరు చదివినట్టు ఆయన ఫోనులో నీలం గుర్తులు పడే ఉంటాయి. చదివి ఊరుకున్నారన్న సంగతి రెండు నెలలుగా ఆయనకు తెలుసు. అందుకని ఇంకా నాన్చవద్దంటున్నాను.

రాసే ముందు ఆయన మాటను ఇంకోసారి నిదానంగా చదవండి. మీ తమ్ముడికి అందులో కేసు కనబడింది. మీకు మీ చిన్నప్పటి పిలుపు కనబడింది. నాకు ముందుగా కనబడింది "దక్కలేదు" అన్న క్రియ. ఆఖరిచూపు చూడనివ్వలేదు అని రాయవచ్చు, చూపించలేదు అని రాయవచ్చు. అలా రాసి ఉంటే ఆ వాక్యంలో కర్త మీరై ఉండేవారు. "దక్కలేదు" అన్న మాటలో ఎదుటివాళ్ల ప్రమేయం లేదు, తన దురదృష్టం మాత్రమే ఉంది. నింద వేయగలిగిన చోట ఆయన నింద వేయలేదు. అలాగని నొప్పి దాచుకోనూ లేదు. "ఊళ్లోవాళ్లు చెబితే తెలిసింది" అన్న ముక్కలో అది ఉంది. సొంత అన్న పోయిన కబురు పరాయివాళ్ల నోట వినవలసి వచ్చిందని ఆయన చెబుతున్నారు, అది నిజం కూడా.

మరో సంగతి. పదేళ్లకు పైగా ఆ ఇద్దరికీ మధ్య నడిచిన రాతల్లో మీ నాన్నగారు "1వ ప్రతివాది", ఆయన "వాది". దావా కాగితాల్లో వరస ఉండదు. ఈ మూడు వాక్యాల్లో మాత్రం అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, అమ్మడు ఉంది. ఆయన మనసులో ఇంకేముందో నేను చెప్పలేను, మీ తమ్ముడూ చెప్పలేడు. రాసినదానికి మాత్రం జవాబు చెప్పవచ్చు. అందులో ఆయన తనకోసం ఏమీ అడగలేదు, వస్తానని కూడా అనలేదు. అంటే మీ జవాబు మీద పెద్ద బరువేమీ లేదు. సయోధ్యకు ఒప్పుకోవాలా, క్షమించాలా, ఇంటికి రమ్మనాలా అన్న ప్రశ్నలేవీ ఆయన మీ ముందు పెట్టలేదు. మీరు పదిసార్లు చెరిపేయడానికి కారణం బహుశా ఆయన వేయని ప్రశ్నలకు కూడా ఒకే జవాబులో సమాధానం చెప్పబోవడమే.

పరామర్శకు మన తెలుగువాళ్లు ఏం జవాబు చెబుతారో ఒకసారి గుర్తుచేసుకోండి. ఎవరూ ధన్యవాదాలు చెప్పరు. వచ్చినవాళ్లు అరుగు మీదో చాప మీదో కూర్చుని కాసేపు ఊరుకుని, "ఎలా జరిగిందమ్మా?" అని అడుగుతారు. అప్పుడు మీ అమ్మగారు చెప్పి ఉంటారు: ముందురోజు సాయంత్రం బాగానే ఉన్నారని, కాఫీ తాగారని, రాత్రి ఒక్క ముద్ద మజ్జిగన్నం తిని ఇక చాలన్నారని, తెల్లవారుజామున పిలిస్తే పలకలేదని. అదే కథ పదిమందికి పదిసార్లు చెబుతారు. వినేవాళ్లు మధ్యలో ఆపరు. ఆ చెప్పడమే జవాబు. వచ్చినవాళ్లకు ఆ కథలో చోటివ్వడమే వాళ్లను మనవాళ్లుగా ఒప్పుకోవడం. అది విన్నాక వాళ్లు లేచి, వెళ్లొస్తామని కూడా అనకుండా వెళ్లిపోతారు.

మీ బాబాయికి ఆ కథ ఎవరూ చెప్పలేదు. పాడె లేచిందనీ, ఫలానావాళ్లు వచ్చారనీ ఊళ్లోవాళ్లు చెప్పి ఉంటారు. ఆఖరి రోజున అన్నయ్య ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, బాధపడ్డాడా, పక్కన ఎవరున్నారు అన్నవి ఇంట్లోవాళ్లే చెప్పాలి. కాబట్టి ఏమని రాయాలన్న మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: నాన్నగారు ఎలా పోయారో రాయండి. అది ఆయనకు దక్కవలసిన కబురు, మీరు ఇవ్వగలిగిన కబురు. స్థలం ఎవరిది, మాగాణి ఎవరిది అన్న వాదంలో దానివల్ల మీవైపు ఒక్క గజం కూడా తగ్గదు.

ఎంత రాయాలంటే, ఆయన మూడు వాక్యాలు రాశారు కాబట్టి మీరు ఏడెనిమిది వాక్యాలకు మించవద్దు. ఆస్పత్రి పేర్లు, ఏ డాక్టరు ఏ మాట అన్నాడు, ఎంత ఖర్చయింది అన్నవి వద్దు. డబ్బు మాట ఎక్కడ వచ్చినా అది లెక్కలాగే చదువుకుంటారు. ఆఖరి రెండు మూడు రోజుల సంగతి చాలు. అందులో ఒక్క వివరమైనా తమ్ముడిగా ఆయన మాత్రమే గుర్తుపట్టగలిగినది ఉండేలా చూడండి. మీ నాన్నగారికి ఏదో పాత అలవాటు ఉండి ఉంటుంది, పడుకునేముందు రేడియో తిప్పడమో, చేను మీదికి వెళ్లకపోతే అన్నం సయించకపోవడమో, వాళ్లమ్మ పేరు తలుచుకోవడమో. అది ఆఖరిదాకా ఉందని తెలిస్తే, పెరిగిన ఇంట్లో ఆ అలవాటును కళ్లారా చూసినవాడికి అది ఆఖరిచూపుకు దగ్గరగా ఉంటుంది. లేనిది మాత్రం కల్పించకండి. "ఆఖర్లో మిమ్మల్ని తలుచుకున్నారు" అని ఓదార్పు కోసం రాసేవాళ్లుంటారు. అది నిజమైతే తప్పకుండా రాయండి. నిజం కాకపోతే, రేపు ఆయన మీ అమ్మగారి దగ్గరకు వచ్చి "అన్నయ్య ఏమన్నాడు వదినా?" అని అడిగినప్పుడు ఆమె ఏం చెప్పాలి?

ఇక మీరు దాటేయలేని సంగతి ఒకటుంది, కబురు పెట్టకపోవడం. మన ఆచారంలో చావుకు పిలుపు ఉండదు, కబురే ఉంటుంది. పెళ్లికి పిలవకపోతే అలగవచ్చు గానీ, చావు కబురు శత్రువుకైనా చెబుతారు, రావడం మానడం వాళ్ల ఇష్టం. పైగా ఆయన తోడబుట్టినవాడు, దాయాది. మీతో పాటు ఆయనకూ పదిరోజుల మైల ఉంది. ఆయన నాలుగో రోజున విన్నారు కాబట్టి మిగిలిన రోజులు తన ఇంట్లో ఒక్కరూ మైల పట్టి ఉంటారు. మన ప్రాంతంలో చాలా కుటుంబాల్లో పదోరోజున దాయాదులూ దగ్గరివాళ్లూ ధర్మోదకాలు వదులుతారు. ఆయన అన్నకు ఆ దోసెడు నీళ్లు కూడా వదల్లేకపోయారు. దావా వేసింది ఆయనే కావచ్చు, అందులో తప్పు ఆయనదే కావచ్చు, నాకు తెలియదు. ఈ ఒక్కటి మాత్రం మీ ఇంటి తప్పు. దాన్ని ఒప్పుకోవడం వేరు, దావాలో ఓడిపోవడం వేరు.

ఒప్పుకునేది ఒక్క వాక్యంలో ఒప్పుకోండి, కారణాలు చెప్పకండి. ఆ రోజు హడావుడిలో కుదరలేదు అనవద్దు. అందరికీ ఫోన్లు వెళ్లాయని ఆయనకు ఈపాటికి తెలిసే ఉంటుంది. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అనీ వద్దు, బాధ కలిగిందని ఆయన రాశారు కదా, ఇంకా "ఉంటే" ఏమిటి? "నేనైనా మీకు చెప్పాల్సింది, చెప్పలేదు" అంటే సరిపోతుంది. ఇక్కడ "నేను" అన్న మాట ముఖ్యం. "మేము" అని రాస్తే మీ తమ్ముడి తరఫున, అమ్మ తరఫున కూడా ఒప్పుకున్నట్టవుతుంది. వాళ్లు ఒప్పుకోలేదు. రేపు ఆ మెసేజీని ఎవరైనా వాళ్లకు చూపిస్తే ఇంట్లో కొత్త గొడవ మొదలవుతుంది. మొత్తం జవాబు "నేను"తోనే నడవాలి.

పిలుపు గురించి. పదేళ్ల దూరం తర్వాత చాలామంది బాబాయ్‌ను "బాబాయి గారు" చేస్తారు, మర్యాదగా ఉంటుందని. చిన్నప్పుడు ఎలా పిలిచేవారో అలాగే పిలవండి. ఆయన అమ్మడూ అని రాసినప్పుడు మీరు గారు తగిలిస్తే, ఆ చనువును తిరిగి ఆయన చేతిలో పెట్టేసినట్టు ఉంటుంది. చిన్నప్పుడు కూడా గారు అనే అలవాటు ఉంటే అది వేరే సంగతి. "మీ సందేశం అందినది", "మీ సానుభూతికి కృతజ్ఞతలు" వంటి మాటలు ఆఫీసు ఉత్తరానికి బాగుంటాయి గానీ ఇక్కడ నప్పవు. అలాగే వట్టి దండం బొమ్మ పెట్టి ఊరుకోవద్దు. ఆ రోజుల్లో వచ్చిన మెసేజీలన్నిటికీ మీరు అదే బొమ్మ పెట్టి ఉంటారు. ఆయన వాళ్లందరిలో ఒకరైపోతారు.

ఒక మాట నా అనుభవం నుంచి చెప్పాలి. మా అమ్మ పోయినప్పుడు, మాతో మాటల్లేని మా పెద్దమ్మ దగ్గరినుంచి కార్డు వచ్చింది. నేను రెండు పేజీల జవాబు రాశాను. ప్రేమతోనే రాశాను. అందులో ఒకచోట "మీరు వచ్చి ఉంటే అమ్మ ఎంత సంతోషించేదో" అని రాశాను. నా మనసులో అది బెంగ. ఆమె చదువుకున్నది మాత్రం, రాలేదు కదా అన్న నింద. ఆ తర్వాత ఆరేళ్లు ఆమె నుంచి ఉత్తరం లేదు. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపేశానని, ఆ తర్వాతిది చూడనే లేదని ఆమె చివరికి నాతో చెప్పినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. అందుకే చెబుతున్నాను: "ఉంటే" అన్న షరతుతో మొదలయ్యే వాక్యం ఏదీ రాయకండి. ఇన్నేళ్లు ఇలా కాకుండా ఉంటే, నాన్న బతికుండగా మీరు ఒక్కసారి మాట్లాడి ఉంటే, ఇవన్నీ మీకు దుఃఖం, ఎదుటివాళ్లకు చార్జిషీటు.

కేసు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ తమ్ముడి భయాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. నడుస్తున్న దావాలో ప్రతివాది చనిపోతే, అతని వారసులను అతని స్థానంలో రికార్డులోకి తెమ్మని వాది కోర్టును కోరాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 22వ ఆర్డర్ ఇదే చెబుతుంది. దానికి గడువు చనిపోయిన నాటినుంచి 90 రోజులు. అది దాటితే చనిపోయిన ప్రతివాది మేరకు దావా పడిపోతుంది. దాన్ని తిరిగి నిలబెట్టమని అడగడానికి మరో 60 రోజుల వ్యవధి ఉంటుంది. నాన్నగారు పోయి రెండు నెలలైంది కాబట్టి, ఇప్పటిదాకా రాకపోతే వచ్చే నెల రోజుల్లో మీ అమ్మగారి పేర, మీ పేర, తమ్ముడి పేర నోటీసులు రావచ్చు. వాటిని చూసి "చూశావా, మొన్న అన్నయ్యా వదినా అన్నాడు, ఇవాళ మనల్ని కోర్టుకు లాగాడు" అని మీ తమ్ముడు తప్పక అంటాడు. అది ద్రోహం కాదు. దావా వదులుకోని ఏ వాది అయినా, ఎంత దుఃఖంలో ఉన్నా, ఆ తేదీలోగా వేయవలసిన కాగితం అది. తమ్ముడికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, నోటీసు వచ్చిన రోజున చెబితే వినడు.

ఆయన పరామర్శ నిజమై ఉండవచ్చు, దావా కూడా నిజమే. ఒకే మనిషి రెండూ చేస్తాడు. రెండింటినీ వేరువేరు గిన్నెల్లో ఉంచవలసింది మీరు. అంటే మీ జవాబులో స్థలం, పొలం, భాగం, రాజీ, వకీలు అన్న మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. "అవన్నీ పక్కన పెడదాం", "ఆస్తిదేముంది బాబాయ్" అని కూడా రాయకూడదు. వాట్సాప్ మెసేజీలను పద్ధతి ప్రకారం కోర్టులో సాక్ష్యంగా దాఖలు చేయవచ్చు. మంచితనంతో రాసిన అలాంటి మాటను రేపు ఒప్పుకోలుగా చదివే ప్రయత్నం జరగవచ్చు. నాన్నగారు ఎలా పోయారు, కబురు చెప్పనందుకు నొచ్చుకుంటున్నాను అన్న రెండు విషయాల్లో భాగపంపిణీకి సంబంధించినదేమీ లేదు. అయినా తమ్ముడికి అనుమానంగా ఉంటే, పంపేముందు మీ వకీలుకు ఒకసారి చదివి వినిపించమనండి. అందులో దాచవలసింది ఏమీ లేదు.

తమ్ముణ్ణి అనుమతి అడగవద్దు, రహస్యంగానూ రాయవద్దు. "బాబాయి నాకు రాశాడు, నేను జవాబు రాస్తున్నాను, కేసు మాట అందులో లేదు, నీ పేరూ లేదు, కావాలంటే చదువు" అని చెప్పండి. కర్మ చేసినవాడు తను, ఆ పదిరోజులూ ఇంటిభారం మోసినవాడు తను. తనకు తెలియకుండా ఇంట్లోంచి ఒక మాట బయటికి వెళ్లిందంటే నొచ్చుకుంటాడు. చదివాక కూడా వద్దంటే, తను రాయనక్కర్లేదని, మీరు రాస్తారని చెప్పండి. ఆ పిలుపు వచ్చింది మీకు.

ఇప్పుడు జవాబు. మీ నాన్నగారి ఆఖరి రోజులు నాకు తెలియవు కనుక ఆ వివరాలు నేను ఊహించి పెట్టాను. వాటి చోట మీవి పెట్టుకోండి.

"బాబాయ్, మీరు రాసింది ఆ రోజే చదివాను. రెండు నెలలుగా జవాబు రాయాలని కూర్చోవడం, రాయలేక లేవడం అవుతోంది. నాన్నకు ముందురోజు సాయంత్రం వరకూ బాగానే ఉంది. రేడియోలో వార్తలు విని, కొద్దిగా మజ్జిగన్నం తిని పడుకున్నాడు. తెల్లవారుజామున ఆయాసంగా ఉందన్నాడు, అమ్మ వీపు నిమురుతూ కూర్చుంది, కారు వచ్చేలోపే ప్రాణం పోయింది. ఎక్కువసేపు బాధపడలేదు. నేనైనా మీకు కబురు చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా తప్పు."

చూడండి, ఇందులో నాన్న "తిన్నాడు", "అన్నాడు" అని ఉంది. చాలా ఇళ్లలో నాన్నను ఏకవచనంలోనే అంటారు, కొన్ని ఇళ్లలో అనరు. ఇంట్లో ఎలా అంటారో అలా రాయండి, ఎందుకంటే ఆయనకు ఆ ఇంటి మాట తెలుసు. ఇందులో మళ్లీ కలుద్దామని లేదు, ఎన్నడూ కలవమనీ లేదు. "అది నా తప్పు" దగ్గర ఆగడం మీకు కష్టంగా అనిపిస్తుంది. "కానీ" అని ఇంకో వాక్యం వేళ్ల చివరికి వస్తుంది, రాయకండి. రాత్రి పదకొండు గంటలకు పంపకండి. ఆ వేళప్పుడు పంపినది కన్నీళ్లతో పంపినదిగా చదువుతారు, అప్పటికప్పుడు ఫోనూ చేస్తారు. పగలు పంపండి, బంధువుల గ్రూపులో కాకుండా ఆయనకొక్కరికే.

తర్వాత ఏం జరుగుతుందో చెప్పలేం. ఏమీ జరగకపోవచ్చు. ఆయన చదివి ఊరుకుంటే మీరు ఇంకోటి రాయవద్దు, కబురు చేరింది, మీ వంతు అయింది. ఫోను చేస్తే ఎత్తండి. ముందు ఏడుపే ఉంటుంది, మాటలు తక్కువ ఉంటాయి, అదే కథ మళ్లీ చెప్పమంటారు, చెప్పండి. మాట మధ్యలో స్థలం సంగతి ఎత్తితే, "అది తమ్ముడూ వకీలూ చూస్తున్నారు బాబాయ్, నాకు తెలియదు" అని మళ్లీ నాన్న దగ్గరికి రండి. రెండోసారీ ఎత్తితే, అమ్మ పిలుస్తోందని ఫోను పెట్టేయవచ్చు. అప్పుడు మీ తమ్ముడి అనుమానానికి కొంత ఆధారం దొరికినట్టే గానీ, మీరు రాసింది మాత్రం తప్పు కాదు.

సంవత్సరీకం సంగతి ఇప్పుడే రాయకండి. తిథి దగ్గరపడ్డాక ఇంట్లో ముగ్గురూ మాట్లాడుకోండి. దానికీ పిలవనక్కర్లేదు, "ఫలానా రోజున పెడుతున్నాం" అని తెలియజేస్తే చాలు. ఆ తేదీ తెలియజేయడమంటే తలుపు తీసి ఉంచడమే కాబట్టి, అది మీరొక్కరే నిర్ణయించేది కాదు. ఆ ఇంట్లో మీ అమ్మగారు ఉంటారు. ఈ పదేళ్లలో ఆ రెండు ఇళ్ల మధ్య నడిచిన మాటల్లో ఆమె చెవిన పడినవి ఏమిటో మీకూ పూర్తిగా తెలిసి ఉండదు.

ఇదే సలహా అందరికీ చెప్పను. ఎడబాటుకు కారణం ఆస్తి కాకుండా, ఆ బంధువు చేతిలో దెబ్బలు తినడమో, పిల్లప్పుడు ఒంటి మీద చెయ్యి పడటమో అయితే, పరామర్శ ఎంత మంచి మాటలతో వచ్చినా జవాబు బాకీ లేదు. మీరు రాసినదాన్నిబట్టి మీది అలాంటిది కాదు.

పై నమూనాలో ఒక వాక్యం నేను కావాలనే వదిలేశాను. ఆయన చివరగా రాసింది మీ అమ్మగారి గురించి, దానికి జవాబు మీ దగ్గర లేదు. మీ అమ్మగారు ఏమీ అనడం లేదంటే, ఆమెను ఎవరూ సరిగ్గా అడగకపోవడం కూడా కారణం కావచ్చు. రాయమంటావా వద్దా అని అడిగితే ఆమె కొడుకు ముఖం, కూతురి ముఖం చూస్తుంది. అలా అడగకండి. మధ్యాహ్నం తమ్ముడు లేనప్పుడు, ఆమె పక్కన కూర్చుని, ఆ మెసేజీ మొత్తం పైకి చదివి వినిపించి, "బాబాయి నీ గురించి అడిగాడమ్మా, ఎలా ఉన్నావని రాయను?" అనండి. "ఉన్నానని రాయి" అనవచ్చు. "అన్నం తినే వేళకు ఆయన గుర్తొస్తాడని రాయి" అనవచ్చు. లేచి లోపలికి వెళ్లిపోవచ్చు. మాట వస్తే దాన్ని మార్చకుండా "అమ్మ ఇలా రాయమంది" అని చివర్లో పెట్టండి. లేచి వెళ్లిపోతే, "అమ్మ దగ్గరే ఉంటున్నాను బాబాయ్" అని మీ మాటగా రాసి పంపండి.